కాలువ లెక్క: పుస్తకంలో 22.5 హెక్టార్లు, మా అమ్మాయికి 225. తప్పు ఎక్కడ?

సుజాత

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఘనపరిమాణాల పాఠంలో కాలువ లెక్క ఒకటి వచ్చింది. కాలువ వెడల్పు, లోతు, నీటి వేగం ఇచ్చి, పొలంలో 8 సెంటీమీటర్ల నీరు నిలవాలంటే 45 నిమిషాల్లో ఎన్ని హెక్టార్లు తడుస్తాయో కనుక్కోమన్నారు. పుస్తకం వెనక జవాబు 22.5 అని ఉంది. తనకు 225 వస్తోంది, మళ్లీ చేసినా అదే. గణితంలో నా చదువు అంతంతమాత్రం. అందుకే లెక్క ఉన్న పేజీ ఫొటో పెడుతున్నాను. రాత్రి ట్యూబులైటు కింద తీసింది, మడత దగ్గర కాస్త నీడ పడింది. ఏమీ అనుకోకుండా చూసి చెప్పండి.

[ఫొటో: లెక్క ఉన్న పేజీ]

రఘు_బెజవాడ

సుజాత గారూ, మీ అమ్మాయి చేసిందే సరి. ఫొటో చూసి నేనూ చేశాను. వెడల్పు 4 మీటర్లు, లోతు 12 మీటర్లు, వేగం గంటకు 5 కిలోమీటర్లు. 45 నిమిషాలంటే ముప్పావు గంట, ఆ లోపు నీరు 3,750 మీటర్లు సాగుతుంది. 4 × 12 × 3,750 = 1,80,000 ఘనపు మీటర్లు. 8 సెంటీమీటర్లంటే 0.08 మీటరు. దానితో భాగిస్తే 22,50,000 చదరపు మీటర్లు. హెక్టారుకు 10,000 చొప్పున 225 హెక్టార్లు. పుస్తకంవాళ్లు చుక్క ఎక్కువ పెట్టారు. గైడ్లలో ఇలాంటి అచ్చుతప్పులు మామూలే, వదిలేయండి.

నాగేశ్వరరావు_మాస్టారు

రఘు గారి గుణకారంలోనూ భాగహారంలోనూ వంక పెట్టడానికి లేదు. నా అనుమానమంతా ఆ 12 మీదే. ఫొటోను పెద్దది చేసి చూడండి. 1కి, 2కి మధ్య ఎడం ఎక్కువగా ఉంది. అదే వరుసలో ఉన్న 45లో అంకెలు ఇంకా దగ్గరగా ఉన్నాయి. మడత నీడ సరిగ్గా ఆ ఎడం మీదే పడింది. అక్కడ చుక్క ఉండి, నీడలో కలిసిపోయి ఉండాలి.

పైగా, నాలుగు మీటర్ల వెడల్పుతో పన్నెండు మీటర్ల లోతు ఉంటే దాన్ని కాలువ అంటామా? అది బావి.

అమ్మా సుజాతా, రేపు పొద్దున కిటికీ దగ్గర, ఫ్లాషు లేకుండా ఇంకోసారి తీయండి. పుస్తకాన్ని బాగా విప్పి, మడత దగ్గర వేలితో అదిమి పట్టుకోండి. వరుసల కుడి అంచు తెగిపోకుండా చూడండి. ‘మీటర్లు’, ‘సెంటీమీటర్లు’ అనే మాటలు తరచూ వరుస చివరికే వస్తాయి, ఫొటోలో ముందుగా తెగేవీ అవే. మెసేజీలో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే స్పష్టత తగ్గదు. మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. అలా కుదించినప్పుడు చుక్కల్లాంటి సన్నటి గుర్తులే ముందు మాయమవుతాయి.

కాలువగట్టు

నేను నీటిపారుదల శాఖలో పనిచేస్తాను. పంట కాలువలకు లోతు కంటే వెడల్పు ఎక్కువ ఉంటుంది. లోతు 1.2 మీటర్లు అనుకుని చూశాను. గంటకు 5 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 1.39 మీటర్లు. 4 × 1.2 × 1.39 వేస్తే సెకనుకు 6.67 ఘనపు మీటర్లు, మా భాషలో 235 క్యూసెక్కులు. ఇది నమ్మదగ్గ అంకె. లోతు 12 అంటే 2,350 క్యూసెక్కులు అవుతుంది. నాలుగు మీటర్ల సందులో అంత నీరు పారడం నేనైతే చూడలేదు.

ఆ వేగం కూడా మట్టి కాలువకు ఎక్కువే, గట్లు కోసుకుపోతాయి. లైనింగ్ చేసిన కాలువ అనుకోవాలి. అయినా లెక్కలు రాసేవాళ్లు కాలువ గట్టు మీద నడవరు కదా!

సుజాత

పొద్దున మళ్లీ తీశాను. మాస్టారు చెప్పినట్లే లోతు 1.2 మీటర్లు. ఇప్పుడు చుక్క స్పష్టంగా కనిపిస్తోంది.

[ఫొటో: అదే పేజీ, పగటి వెలుతురులో]

రఘు_బెజవాడ

అయితే తేలిపోయినట్లే. అమ్మాయి కూడా చుక్క చూడకుండా 12 అని వేసుకుని ఉంటుంది. అందుకే ఇద్దరికీ 225 వచ్చింది.

నాగేశ్వరరావు_మాస్టారు

అలా తేల్చేయలేం. అమ్మాయి లెక్క చేసింది పుస్తకం చూసి, ఫొటో చూసి కాదు. ఫొటోలో పోయిన చుక్క పుస్తకంలో ఎక్కడికీ పోదు.

జవాబు సరిగ్గా పదింతలు ఎక్కువ వచ్చింది. అలా రావడానికి ఈ ఒక్క లెక్కలోనే నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. లోతు 1.2ని 12 అనుకుంటే 225 వస్తుంది. 8 సెంటీమీటర్లను 0.08 బదులు 0.008 మీటరు అని రాసినా 225 వస్తుంది. అన్నీ సరిగ్గా చేసి, చివర్లో హెక్టారును 1,000 చదరపు మీటర్లు అనుకున్నా 225 వస్తుంది. మూడు వేర్వేరు తప్పులకూ ఒకటే జవాబు. జవాబును మాత్రమే చూసి ‘చుక్క జరిగింది’ అని సరిపెడితే, అమ్మాయి చేసింది ఏ తప్పో మనకు తెలియదు. వచ్చే లెక్కలో మళ్లీ అదే చేస్తుంది.

నోటుపుస్తకం చూడాలి. తుది జవాబు ఒక్కటే కాదు, చేసిన ప్రతి వరుసా కనిపించేలా ఫొటో తీయండి.

సుజాత

ఇదిగోండి. ఫొటో స్పష్టంగా లేకపోతే ఇబ్బందని కిందే టైపు కూడా చేశాను. తను రాసింది రాసినట్లు:

వెడల్పు = 4, లోతు = 1.2
పొడవు = 5 × 45/60 = 3.75 = 3750
ఘనపరిమాణం = 4 × 1.2 × 3750 = 18000
వైశాల్యం = 18000 ÷ 0.08 = 225000
225000 ÷ 1000 = 225 హెక్టార్లు

[ఫొటో: నోటుపుస్తకం పేజీ]

నాగేశ్వరరావు_మాస్టారు

ఇప్పుడు దొరికింది. లోతు 1.2 అనే వేసుకుంది. 8 సెంటీమీటర్లను 0.08గా సరిగ్గానే మార్చింది. 2,25,000 వరకు అంతా సరైనదే. తప్పంతా చివరి వరుసలో ఉంది, హెక్టారుకు 1,000తో భాగించింది.

ఆ 1,000 ఎక్కడి నుంచి వచ్చిందో రెండో వరుస చూస్తే తెలుస్తుంది. ‘3.75 = 3750’ అని రాసింది చూడండి. నిజానికి అవి రెండూ సమానం కావు, 3.75 కిలోమీటర్లు 3,750 మీటర్లకు సమానం. మాటలు వదిలేసి అంకెలు మాత్రమే రాసింది. కిలోమీటరుకు వాడిన వెయ్యి మనసులో ఉండిపోయి, చివర్లో హెక్టారు దగ్గరకు వచ్చేసరికి అదే చేతికొచ్చింది. 2,25,000 పక్కన ‘చ.మీ.’ అని రాసి ఉంటే, మీటర్లను కిలోమీటర్లుగా మార్చే వెయ్యికి అక్కడ చోటు లేదని తనకే తోచేది.

హెక్టారును అంకెగా కాకుండా బొమ్మగా గుర్తుపెట్టుకోమనండి. ఒక్కో వైపు 100 మీటర్లున్న చతురస్రం. 100 × 100 = 10,000 చదరపు మీటర్లు. కిలోమీటరు భుజం ఉన్న చతురస్రంలో అలాంటివి వరుసకు పది చొప్పున పది వరుసలు, అంటే వంద హెక్టార్లు పడతాయి. వెయ్యి అనే అంకె ఇందులో ఎక్కడా రాదు.

సరిచూసుకోవడానికి వేరే దారి కూడా ఒకటి చెబుతాను. ఒక హెక్టారులో 8 సెంటీమీటర్ల నీరు నిలవాలంటే 10,000 × 0.08, అంటే 800 ఘనపు మీటర్లు కావాలి. మన దగ్గర 18,000 ఉన్నాయి. 18,000ను 800తో భాగిస్తే 22.5. ఇందులో 2,25,000 అనే అంకె అసలు రాదు. కాబట్టి చివరి మెట్టులో జారిన తప్పు ఇక్కడ బయటపడుతుంది. చేసిన లెక్కనే మళ్లీ అదే దారిలో చేస్తే కాలు జారిన చోటే మళ్లీ జారుతుంది. అమ్మాయికి రెండోసారి కూడా 225 రావడం అందుకే.

కాలువగట్టు

మాస్టారూ, ఆ 800 లెక్క మేమూ వాడతాం. హెక్టారు మీద 10 సెంటీమీటర్లంటే 1,000 ఘనపు మీటర్లు. మిగతావి దాని మీద నోటితోనే వచ్చేస్తాయి.

కానీ ఒక మాట. రఘు గారిలా లోతు 12 అనుకుంటే 1,80,000ను 800తో భాగిస్తాం, మళ్లీ 225 వస్తుంది. అంటే ఆ సరిచూత మార్పులో జారిన తప్పును పట్టుకుంటుంది కానీ, ఫొటో చదవడంలో జారినదాన్ని పట్టుకోదు.

నాగేశ్వరరావు_మాస్టారు

బాగా పట్టుకున్నారు. చదవడంలో తప్పుకు మందు వేరు. లెక్క మొదలుపెట్టకముందే ఇచ్చిన వివరాలను, పక్కన మీటర్లో సెంటీమీటర్లో ఉన్నది ఉన్నట్లు, ఒక కాగితం మీద చేత్తో రాసుకోవాలి. ఆ తర్వాత వేలు పెట్టి ఫొటోలోని ఒక్కో అంకెనూ దానితో పోల్చాలి. ఇలాంటి వస్తువు లోకంలో ఉంటుందా అని కూడా ఒక్క క్షణం అడగాలి. మీరు క్యూసెక్కుల్లో చూసింది అదే కదా.

ఫణి_డిప్లొమా

మాస్టారూ, మా లెక్చరర్ ఏ లెక్కైనా ముందు మీటర్లు, సెకన్లలోకి మార్చుకోమంటారు. అలా చేస్తే నాకు 22.5 రాలేదు, 22.52 వచ్చింది. వేగం సెకనుకు 1.39 మీటర్లు, కాలం 45 × 60 = 2,700 సెకన్లు. పొడవు 3,753 మీటర్లు. ఘనపరిమాణం 18,014.4. దాన్ని 0.08తో భాగిస్తే 2,25,180 చదరపు మీటర్లు. ఎక్కడ తేడా వచ్చింది? పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్న అయితే దగ్గరగా ఉన్నది గుర్తించేస్తాను, కానీ కారణం తెలియాలి.

రఘు_బెజవాడ

ఫణీ, ఇది చాలా తేలిక. పెద్ద ప్రమాణం నుంచి చిన్నదానికి వెళ్తే గుణించు, చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తే భాగించు. ఈ ఒక్క సూత్రం ఉంటే ఏ మార్పూ తప్పదు. గంటలు పెద్దవి, సెకన్లు చిన్నవి, 3,600తో గుణించు. కిలోమీటర్లు పెద్దవి, మీటర్లు చిన్నవి, 1,000తో గుణించు.

ఫణి_డిప్లొమా

అన్నా, అలా చేస్తే గంటకు 5 కిలోమీటర్లు కాస్తా 5 × 1,000 × 3,600, అంటే సెకనుకు కోటీ ఎనభై లక్షల మీటర్లు అవుతుంది. ఆ కాలువలో నీరు ఒక్క సెకనులో పద్దెనిమిది వేల కిలోమీటర్లు పారాలి!

నాగేశ్వరరావు_మాస్టారు

రఘు గారి సూత్రం ఒంటరి ప్రమాణానికి పనికొస్తుంది. 3 గంటలను సెకన్లు చేయాలంటే 3 × 3,600 = 10,800. అక్కడ తిరుగులేదు. వేగంలో గంట భాగించే చోట ఉంది. ‘గంటకు 5 కిలోమీటర్లు’ అంటే 5 కిలోమీటర్లను ఒక గంటతో భాగించడమే. కాబట్టి పైన కిలోమీటరు ఉన్న చోట 1,000 మీటర్లు, కింద గంట ఉన్న చోట 3,600 సెకన్లు పెట్టాలి. 5 × 1,000 ÷ 3,600. గంట కిందికి పోవడంతో దాని గుణకం కూడా కిందికే పోయింది.

చదరపు, ఘనపు ప్రమాణాల్లో కూడా ఆ సూత్రానికి తోడు కావాలి. మీటరుకు 100 సెంటీమీటర్లే, కానీ చదరపు మీటరుకు 100 × 100, ఘనపు మీటరుకు 100 × 100 × 100. గుణించాలో భాగించాలో సూత్రం చెబుతుంది సరే, ఎంతతో అన్నది చెప్పదు. పిల్లలు ఎక్కువగా జారేది ఆ ‘ఎంత’ దగ్గరే.

ఇక ఫణీ, నీ 22.52 సంగతి. 5 × 1,000 ÷ 3,600 అంటే 25/18. దశాంశాల్లో 1.3888… అలా ఆగకుండా పోతుంది. నువ్వు దాన్ని 1.39 దగ్గర కోసేశావు. ఆ చిన్న తేడాను 2,700తో గుణించేసరికి పొడవులో 3 మీటర్లు పెరిగాయి. భిన్నంగానే ఉంచితే 25/18 × 2,700 = 25 × 150 = 3,750. ఏమీ మిగలదు. సవరించడం చివరి వరుసలో ఒక్కసారే చేయాలి.

ఈ లెక్కకు అసలు సెకన్ల అవసరమే లేదు. వేగం గంటలో ఉంది, కాలాన్ని కూడా గంట చేస్తే ముప్పావు. 5 × 3/4 = 3.75 కిలోమీటర్లు. అమ్మాయి అదే చేసింది, తెలివైన దారి.

ఫణి_డిప్లొమా

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, నేను ఒప్పుకోను. అన్నీ ముందే మీటర్లు, సెకన్లు చేసేస్తే మధ్యలో ఆలోచించాల్సిన పని ఉండదు. ఒక్కో లెక్కకు ఒక్కో దారి వెతుక్కుంటే పరీక్ష ఒత్తిడిలో గందరగోళం. ఈ లెక్కలో చివరికి హెక్టార్లకు మార్చడం ఎలాగూ తప్పలేదు.

నాగేశ్వరరావు_మాస్టారు

నీ పద్ధతిలో తప్పు లేదు, దశాంశాలను మధ్యలో కోయకుండా ఉండగలిగితే. నా మటుకు, మార్పులు ఎన్ని తగ్గితే జారే చోట్లు అన్ని తగ్గుతాయి. దీనిమీద మా స్టాఫ్ రూములోనే ఏకాభిప్రాయం ఉండేది కాదు.

మల్లారెడ్డి_జనగామ

హెక్టార్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా భూమికి సంబంధించిన కాగితం ఫొటో పెట్టాను. అందులో విస్తీర్ణం 2.20 అని ఉంది. ఒక దరఖాస్తులో హెక్టార్లలో రాయమన్నారు. ఫొటో చూసి బెంగళూరులో ఉన్న మా అబ్బాయి 0.89 అన్నాడు. నాకు తక్కువగా అనిపిస్తోంది. ఇది కాలువ లెక్క కాదని తెలుసు, కోప్పడకండి.

[ఫొటో: విస్తీర్ణం గడి వరకు]

కాలువగట్టు

కోపం దేనికి మల్లారెడ్డి గారూ, అబ్బాయి లెక్క సరిగ్గానే ఉంది. హెక్టారుకు 2.471 ఎకరాలు. 2.2ను దానితో భాగిస్తే 0.89. మా వైపు 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై సెంట్లు, ఎకరానికి వంద సెంట్లు.

మల్లారెడ్డి_జనగామ

మాకు సెంట్లు లేవండి. గుంటలు.

నాగేశ్వరరావు_మాస్టారు

అయితే కథ మారింది. ఎకరానికి 40 గుంటలు. గుంటల లెక్కలో 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. 2.5ను 2.471తో భాగిస్తే 1.01 హెక్టార్లు. అబ్బాయి చెప్పినదానికీ దీనికీ మధ్య తేడా 0.3 ఎకరం, మీ లెక్కలో 12 గుంటలు. మీకు తక్కువగా అనిపించడం ఊరికే కాదు.

అక్కడున్న చుక్క దశాంశ బిందువు కాదు. ఎకరాలనూ గుంటలనూ విడదీసే గీత లాంటిది, అంతే. ఫొటోలో ఆ గడి ఒక్కటే కనిపిస్తోంది, పైన ఉండాల్సిన శీర్షిక తెగిపోయింది. ‘ఎ. గుం.’ అని ఉందా, మరేదైనా ఉందా అన్నది ఆ శీర్షికలోనే తెలుస్తుంది. దాన్ని కూడా కలిపి తీసి పెట్టండి. చుక్క తర్వాత 39 దాటిన అంకె ఎక్కడైనా ఉంటే అవి గుంటలు కావని వెంటనే చెప్పేయవచ్చు. 20 మాత్రం అటైనా ఇటైనా చెల్లుతుంది.

మల్లారెడ్డి_జనగామ

శీర్షికతో తీశాను. ‘ఎ. గుం.’ అనే ఉంది. అబ్బాయికి ఫోన్ చేసి చెబుతాను. వాడు ఊళ్లో ఉన్నది తక్కువ, గుంట అంటే తెలియదు. దరఖాస్తులో 1.01 రాయనా?

కాలువగట్టు

రాయండి. పక్కనే ‘2 ఎకరాల 20 గుంటలు’ అని అక్షరాల్లో కూడా రాయండి. ఫారం తీసుకునేవారు మా వైపు నుంచి వచ్చినవారైతే మళ్లీ సెంట్లు అనుకునే ప్రమాదం ఉంది. నేను అనుకున్నాను కదా!

అనిత_టెట్

ఇదే చుక్క బాధ నాకూ ఉంది. పోటీ పరీక్షల పుస్తకం నుంచి స్నేహితురాలు ఫొటో తీసి పంపిన లెక్క ఇది. ‘ఒక మోటారు సెకనుకు 15 లీటర్ల నీరు తోడుతుంది. 2.30 గంటల్లో ఎన్ని లీటర్లు తోడుతుంది?’ నేను రెండున్నర గంటలు అనుకుని 9,000 సెకన్లు, 1,35,000 లీటర్లు అన్నాను. తను 2.3 గంటలు అంటోంది, 8,280 సెకన్లు, 1,24,200 లీటర్లు. ఎవరిది సరి? జవాబుల పేజీ ఆ పుస్తకంలో చిరిగిపోయిందట.

రఘు_బెజవాడ

మీదే సరి. మాటల్లో 2.30 అంటే ఎవరైనా రెండున్నరే అనుకుంటారు. రైలు 2.30కి అంటే రెండు గంటల ముప్పై నిమిషాలకే కదా.

నాగేశ్వరరావు_మాస్టారు

గడియారంలో సమయం వేరు, పట్టిన కాలం వేరు. అయినా నా మొగ్గు కూడా అనిత గారి వైపే. 2.3 అని చెప్పదలచుకున్నవాళ్లు చివర సున్నా ఎందుకు పెడతారు? కానీ ఆ పుస్తకం ప్రతి అంకెనూ రెండు దశాంశాల వరకు రాసే రకమైతే ఈ వాదన నిలవదు. ఆ పేజీలో మిగతా లెక్కల్లో గంటలు ఎలా రాశారో చూడాలి. ఫొటో పూర్తి పేజీదా, ఈ లెక్క వరకేనా?

అనిత_టెట్

తనను అడిగి పూర్తి పేజీ తెప్పించాను. ఒక లెక్కలో 1.45 గంటలు, ఇంకోదానిలో 3.15 గంటలు, మరోదానిలో 0.75 గంటలు అని ఉన్నాయి.

ఫణి_డిప్లొమా

1.45, 3.15 చూస్తే గంటా నలభై ఐదు నిమిషాలు, మూడుంబావు అనిపిస్తోంది. పావులూ ముప్పావులూ అలాగే వస్తాయి.

కాలువగట్టు

కానీ 0.75? గంటలో 75 నిమిషాలు ఉండవు కదా. అది దశాంశమే, ముప్పావు గంట. 1.45ను దశాంశంగా చదివినా తప్పు లేదు, గంటా ఇరవై ఏడు నిమిషాలు అవుతుంది.

నాగేశ్వరరావు_మాస్టారు

0.75 ఒక్కటే ఆ పేజీలో రెండు అర్థాలకు తావివ్వనిది. అది దశాంశం. దాన్నిబట్టి మిగతావీ దశాంశాలే అనుకుంటే 2.30 కూడా 2.3 గంటలే, 8,280 సెకన్లు. కానీ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కుట్టిన పుస్తకమైతే ఒక లెక్క ఒక రకంగా, ఇంకోటి ఇంకో రకంగా ఉండవచ్చు. నా మొగ్గు ఇప్పుడు స్నేహితురాలి వైపుకు కాస్త జరిగింది, పూర్తిగా కాదు. ప్రత్యామ్నాయాలు ఏమైనా ఇచ్చారా? వాటిలో 1,35,000 ఉందా, 1,24,200 ఉందా?

అనిత_టెట్

రెండూ ఉన్నాయండి!

రఘు_బెజవాడ

అయితే కావాలని పెట్టిన వల. దశాంశమని తెలియనివాళ్లు 1,35,000 గుర్తిస్తారని పెట్టారు.

ఫణి_డిప్లొమా

లేదా రెండున్నర గంటలని తెలియక యంత్రంలా 2.3 వేసేవాళ్ల కోసం 1,24,200 పెట్టారేమో అన్నా.

అనిత_టెట్

సోమవారం కోచింగ్ సెంటర్లో మాస్టారి దగ్గర ఆ పుస్తకం మంచి ప్రతి ఉందట. జవాబుల పేజీ చూసి వచ్చి చెబుతాను. అందులో వివరణ లేకుండా జవాబు మాత్రమే ఉన్నా పెడతాను.

సుజాత

నేను అడిగినదానికంటే ఎక్కువే దొరికింది. అమ్మాయి లెక్క మళ్లీ చేసింది, ఈసారి ప్రతి వరుస చివర ‘మీ.’, ‘చ.మీ.’, ‘ఘ.మీ.’ రాసింది. 22.5 వచ్చింది. 800తో సరిచూసింది కూడా. పక్క లెక్కలో సెంటీమీటర్లు, లీటర్లు కలిసి వచ్చాయట, అది మొదలుపెట్టింది. మాస్టారూ, లీటరుకు ఎన్ని ఘనపు సెంటీమీటర్లు అని అడుగుతోంది.

నాగేశ్వరరావు_మాస్టారు

1,000 అమ్మా. ఇక్కడ మాత్రం వెయ్యే. పది సెంటీమీటర్ల భుజం ఉన్న ఘనం గీసుకోమనండి, 10 × 10 × 10.